మువ్వ ఊడితే? పసిపిల్లలకు వెండి పట్టీలు, మురుగులు కొనేముందు అతుకులు చూడాలి

క్లుప్తంగా: పసిబిడ్డకి బహుమతిగా ఇచ్చే వెండి నగలో అసలు ప్రమాదం వెండిలో కంటే అతుకుల్లో, కొక్కేల్లో, వేలాడే మువ్వల్లో ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలకు మువ్వలూ పూసలూ లేని, నున్నటి, గట్టి కడియం అన్నిటికంటే సురక్షితం. చర్మం విషయంలో ముందు చూసుకోవాల్సింది నికెల్ ఉందా లేదా అన్నది, కానీ పసిపిల్లల్లో ఎక్కువగా కనిపించే ఎరుపుకి కారణం నగ కింద నిలిచిపోయే తడి. మెడలో ఏదీ వద్దు. నిద్రపుచ్చేముందు, నీళ్లు పోసేముందు ఏ నగైనా తీసేయాలి.

బరువు చూస్తారు, అతుకు చూడరు

వెండి పట్టీలు కొనేటప్పుడు మాట్లాడుకునేది రెండే విషయాలు, ఎన్ని గ్రాములు, ఎంత స్వచ్ఛత. డబ్బు లెక్కకి ఆ రెండూ సరిపోతాయి. బిడ్డ భద్రతకి మాత్రం సరిపోవు. 30 గ్రాముల పట్టీ 15 గ్రాముల పట్టీ కంటే గట్టిదని అనుకోవడం సహజమే, కానీ ఏ నగైనా దానిలోని అత్యంత బలహీనమైన రింగు దగ్గరే తెగుతుంది, ఆ రింగు బరువు రెండిట్లోనూ ఒకటే కావచ్చు. పైగా బరువు పెరగాలంటే తరచూ మువ్వలు పెరుగుతాయి, మువ్వ పెరిగిన ప్రతిసారీ ఊడే చోటు ఒకటి పెరుగుతుంది.

ఇంకో అపోహ కూడా ఉంది. చేతి గాజైతే నోట్లో పెట్టుకుంటారు, కాలి పట్టీ నోటికి దూరం కదా అని. దాదాపు 5, 6 నెలలు వచ్చేసరికి పిల్లలు వెల్లకిలా పడుకుని రెండు చేతులతో పాదాలు పట్టుకుని బొటనవేలు చీకడం మొదలుపెడతారు. అప్పటినుంచి పట్టీకీ నోటికీ మధ్య దూరం ఏమీ ఉండదు. చిగుళ్లు దురద పెట్టే వయసు కూడా అదే, కాబట్టి లోహం చల్లగా, గట్టిగా తగిలితే వదలరు, కొరుకుతారు, లాగుతారు, ఉమ్ముతో నానబెడతారు. పట్టీని కాలి నగగా కాకుండా నోట్లోకి వెళ్లే వస్తువుగానే లెక్కపెట్టుకోవాలి.

మువ్వని దగ్గరగా చూస్తే

చిన్నపిల్లల పట్టీకి వేసే మువ్వ చాలావాటికి బఠాణీ గింజ కంటే చిన్నగా ఉంటుంది. పలచటి రేకుని రెండు గిన్నెల్లా వంచి, అంచులు కలిపి అతికిస్తారు. కింద సన్నని చీలిక ఉంటుంది, చప్పుడు బయటికి వచ్చేది అందులోంచే. లోపల చిన్న గుండు. పైన ఒక కొక్కెం, దాన్ని పట్టీ లింకుకి కలిపే ఒక సన్నని రింగు. అంటే ఒక్క మువ్వలో విడిపోగల చోట్లు మూడు: పై రింగు విచ్చుకోవచ్చు, రెండు సగాల అతుకు వదలొచ్చు, చీలిక వెడల్పై లోపలి గుండు జారిపోవచ్చు. పిల్లలు పళ్లతో నొక్కితే ఆ పలచటి రేకు ఇట్టే సొట్టపడుతుంది, సొట్టపడ్డప్పుడు చీలిక తెరుచుకుంటుంది.

పసిబిడ్డ శ్వాసనాళం లోపలి వెడల్పు దాదాపు 4, 5 మిల్లీమీటర్లే. మువ్వ కూడా అంతే. పెద్దవాళ్లకి దగ్గితే వచ్చేసే వస్తువు పసిపిల్లలకి దారి మొత్తం మూసేసే వస్తువు అయ్యేది ఇందుకే. గుండ్రంగా, నున్నగా ఉన్నది గొంతులో బాగా బిగుసుకుంటుంది, పక్కనుంచి గాలి పోవడానికి సందు ఉండదు. ఇంకా చిన్నదైతే అక్కడ ఆగకుండా ఊపిరితిత్తిలోకి వెళ్లే ఒక గొట్టంలో ఇరుక్కుంటుంది. ఇది ఇంకో రకంగా మోసం చేస్తుంది, మొదట కాసేపు దగ్గి బిడ్డ మామూలుగా అయిపోతుంది, తర్వాత రోజుల తరబడి తగ్గని దగ్గు, ఒకపక్క పిల్లికూతలు, పదేపదే జ్వరం. జలుబు అనుకుని మందు వేస్తూ ఉంటారు.

గొట్టం కొలత ఏం చెబుతుంది

మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి అంతర్జాతీయంగా వాడే ఒక గొట్టం ఉంది. లోపలి వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అడుగు ఏటవాలుగా ఉండి లోతు ఒకవైపు 25.4, ఇంకోవైపు 57.1 మిల్లీమీటర్లు. వస్తువుని నొక్కకుండా ఏ కోణంలో పెట్టినా అది పూర్తిగా ఆ గొట్టంలో ఇమిడిపోతే గొంతుకి అడ్డుపడే వస్తువు కింద లెక్క. దీన్ని నగలకి వర్తింపజేసి చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

దాదాపు 4 సెంటీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న గట్టి మురుగు ఆ గొట్టంలో పట్టదు. వంగదు కాబట్టి ఎలా తిప్పినా అంతే. అదే గొలుసు పట్టీ విప్పితే పొడవుగా కనిపించినా మెత్తగా ముద్దైపోయి గొట్టంలో కూర్చుంటుంది, అంటే మువ్వ ఊడకపోయినా కొక్కెం జారి మొత్తం పట్టీ నోట్లోకి వెళ్లగలదు. ఇక మువ్వలూ, రాళ్లూ, చిన్న పూసలూ అయితే ఒక్కొక్కటిగా ఎన్నో పడతాయి. దారానికి గుచ్చిన పూసల గాజు అన్నిటికంటే ఇబ్బందికరం, ఎందుకంటే రింగు తెగితే ఒక మువ్వే పోతుంది, దారం తెగితే అన్ని పూసలూ ఒకేసారి పక్క మీద పడతాయి.

మరి నగలన్నీ ఈ పరీక్ష దాటుకునే వస్తాయా అంటే, లేదు. ఉదాహరణకి యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన బొమ్మల భద్రతా నిబంధనల్లో, ఆడుకోవడానికి కాని పిల్లల అలంకరణ వస్తువులు బొమ్మల జాబితాలోకే రావు. గిలక్కాయకి చేసే లాగుడు పరీక్ష, అలాగే చప్పుడు చేసే మువ్వల పట్టీకి జరిగి ఉండకపోవచ్చు. బిడ్డ దృష్టిలో రెండిటికీ తేడా ఏమీ లేదు. కాబట్టి ఆ పరీక్షేదో కొనేవాళ్లే చేసుకోవాలి.

ఒక జత పట్టీలు చేతిలోకి తీసుకుని

ఒక్కో పట్టీకి 6 మువ్వలు, ఒకవైపు రింగు, ఇంకోవైపు S ఆకారపు కొక్కెం ఉన్న జత ఒకటి అనుకుందాం. చూడముచ్చటగా ఉంది, 925 అని ముద్ర ఉంది. ఇప్పుడు అతుకులు లెక్కపెడితే, మువ్వ పై రింగులు 12, మువ్వ అతుకులు 12, కొక్కేలు 2, వాటి రింగులు మరో 2. గొలుసు లింకులు వదిలేసినా 28 చోట్లు. వీటిలో ఒక్కటి వదిలినా చాలు.

మొదట పై రింగుల్ని ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడాలి. టంకం వేసి మూసిన రింగు అంతా ఒకే తీగలా, ఆ చోట కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పట్టకారుతో నొక్కి వదిలేసినదానికి వెంట్రుకంత గీత ఉంటుంది. కంటికి తెలియకపోతే దానికి సులువైన ఉపాయం కుట్టుదారం. సన్నని దారం ఒకటి రింగులోంచి పోనిచ్చి, రెండు కొసలూ పట్టుకుని రింగు చుట్టూ నెమ్మదిగా జరపాలి. సందు ఉంటే దారం అక్కడ తట్టుకుంటుంది, లేదా సందులోంచి బయటికే వచ్చేస్తుంది. బయటికి వచ్చిందంటే ఆ రింగు మూయలేదని అర్థం. ఇలా 12 రింగులకీ చేయడానికి పావుగంట కూడా పట్టదు. మన ఉదాహరణలో 12కి 9 రింగుల్లో దారం తట్టుకుందనుకుంటే ఆ జత తిరిగి ఇవ్వాలి, లేదా అన్ని రింగులకీ టంకం వేయించాలి.

తర్వాత లాగి చూడడం. యూరప్ బొమ్మల ప్రమాణంలో 6 మిల్లీమీటర్లు, అంతకంటే చిన్న భాగాలకి 50 న్యూటన్ల లాగుడు పెడతారు, అంటే దాదాపు 5 కిలోల బరువు వేలాడదీసినంత. కొనకముందు షాపులో అలా లాగితే ఎవరూ ఒప్పుకోరు, అదీ నిజమే. కొన్నాక ఇంట్లో ఒక్కో మువ్వని గోటితో గట్టిగా పట్టుకుని లాగి, మెలితిప్పి చూడొచ్చు. రింగు ఇసుమంత విచ్చుకున్నా, అండాకారంలోకి మారినా ఆ పట్టీ బిడ్డ కాలికి వద్దు.

చివరగా S కొక్కెం. ఇది పదేపదే వంచి తీసేది, వంచిన ప్రతిసారీ లోహం అలసిపోతుంది, ఏదో ఒకరోజు విరుగుతుంది. విరగకముందే సందు పెద్దదై జారిపోతుంది. బిడ్డ నగకి దీనికంటే మర తిప్పే స్క్రూ మేలు, కానీ ఆ మర మేకు పూర్తిగా ఊడి చేతిలోకి వచ్చేదైతే అదే మళ్లీ మింగే వస్తువు. విప్పినా నగకి అంటిపెట్టుకుని ఉండే బిగింపు ఉండాలి. అసలు బిగింపే లేకుండా చేతికి ఎక్కించే గట్టి మురుగైతే ఈ గొడవే ఉండదు, లెక్కపెట్టాల్సిన అతుకు ఒకటే, లేదా అదీ ఉండదు. బోలు కడియం మాత్రం తీసుకోకూడదు. పలచటి రేకు గొట్టం సొట్టపడి చీలితే అంచు బ్లేడులా తయారవుతుంది, చీలికలోంచి సబ్బునీళ్లు లోపలికి పోయి నిలవుంటాయి.

స్వచ్ఛత ఎక్కువైతే మంచిదేనా

చర్మానికి మంచిదే, గట్టిదనానికి కాదు. స్వచ్ఛమైన వెండి మెత్తటి లోహం, సన్నని తీగైతే వేళ్లతోనే వంగుతుంది. అందుకే 92.5 శాతం వెండిలో మిగతా 7.5 శాతం సాధారణంగా రాగి కలుపుతారు, దానివల్ల గట్టిపడుతుంది, 925 అనే ముద్రకి అర్థం అదే. కాబట్టి పూర్తి స్వచ్ఛమైన వెండిని సన్నటి కొక్కేలూ మువ్వలూ ఉన్న పట్టీకి వాడడం తెలివైన పని కాదు, లావుగా, నిండుగా పోతపోసిన సాదా కడియానికి అయితే బాగానే ఉంటుంది. మువ్వలున్న నగకి 925 వెండే నయం. నిజానికి మూడేళ్లలోపు మువ్వల నగే వద్దంటున్నాం కాబట్టి ఈ పోలిక కాస్త పెద్ద పిల్లలకే పనికొస్తుంది.

అసలు సమస్య 925 కాదు. వెండిలా మెరుస్తూ వెండి లేని జర్మన్ సిల్వర్ అనే లోహం. పేరులో సిల్వర్ ఉంది గానీ అందులో రాగి, జింకు, నికెల్ మాత్రమే ఉంటాయి, తెల్లని మెరుపు నికెల్‌ది. కొత్తలో కంటికి తేడా తెలియదు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ వెండీ అంటుకోదు, జర్మన్ సిల్వర్ కూడా మామూలుగా అంటుకోదు, కాబట్టి ఆ పరీక్ష ఇక్కడ పనికిరాదు. స్వచ్ఛత ముద్ర, బిల్లు మీద శాతం, ఈ రెండూ లేని నగ పసిబిడ్డకి కొనకపోవడమే మంచిది. వెండి నగకే పైన మెరుపు పూత వేయించి ఉంటే, ఆ పూత కింద నికెల్ పొర ఉందా అని కూడా అడగాలి. టంకం గురించి కూడా ఒక ప్రశ్న అడగాలి. కొన్ని రకాల టంకంలో కాడ్మియం ఉంటుంది, అది విషపదార్థం, పిల్లలు నోట్లో నానబెట్టే నగలో అసలు ఉండకూడదు. కాడ్మియం లేని టంకమేనని చెప్పించుకోవాలి.

ఎర్రబడింది, అలర్జీయేనా?

నగ పెట్టాక చర్మం మారితే అందరూ ముందు అలర్జీ అనే అంటారు. నిజానికి మూడు వేర్వేరు విషయాలు ఇందులో కలిసిపోతుంటాయి.

మొదటిది నల్లటి చార. వెండి గాలిలోని, చెమటలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది, ఆ నలుపు చర్మానికి అంటుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, కింద చర్మం మామూలుగానే ఉంటుంది. బిడ్డకి ఒంట్లో బాగోలేదు కాబట్టి పట్టీలు నల్లబడ్డాయి అని టెన్షన్ పడాల్సిన పని లేదు.

రెండోది తడి వల్ల వచ్చే ఒరుపు, ఎక్కువగా కనిపించేది ఇదే. పసిపిల్లల మణికట్టు దగ్గర, చీలమండ దగ్గర ముడతలు ఉంటాయి కదా, కడియం ఆ ముడతలో కూర్చుంటుంది. ఉమ్ము, కారిన పాలు, చెమట, నీళ్లు పోశాక మిగిలిన సబ్బు అక్కడ చేరి ఆరకుండా ఉండిపోతాయి. చర్మం నాని తెల్లబడి, తర్వాత ఎర్రబడి, కడియం కదిలినప్పుడల్లా ఒరుసుకుంటుంది. పౌడరు చల్లితే తడితో కలిసి ముద్దకట్టి ఇంకా పాడవుతుంది. నగ తీసేసి, ఆ చోటుని మెత్తగా అద్ది పొడిగా ఉంచితే రెండు మూడు రోజుల్లో తేటపడుతుంది. అలా తగ్గిపోయిందంటే అది అలర్జీ కాదనే అనుకోవచ్చు. నకిషీ పని ఎక్కువున్న నగ దీనికి తోడు మురికిని కూడా పట్టుకుంటుంది, అందుకే నున్నటిది మేలు.

మూడోది అసలైన అలర్జీ, దీనికి ప్రధాన కారణం నికెల్. వెండికి అలర్జీ చాలా అరుదు. చెమటలో నికెల్ కొద్దికొద్దిగా కరిగి చర్మంలోకి వెళ్తుంది, శరీరం ఒకసారి దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటే ఆ గుర్తు ఇక జీవితాంతం ఉంటుంది. అందుకే చిన్నప్పుడే జాగ్రత్తపడాలి. పెట్టిన వెంటనే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత, లోహం తగిలిన చోటే సరిగ్గా అచ్చు గుద్దినట్టు ఎర్రగా, గరుకుగా, దురదగా రావడం దీని గుర్తు. తీసేశాక కూడా వారాలపాటు ఉండొచ్చు, మళ్లీ పెడితే మళ్లీ వస్తుంది. డెన్మార్క్ 1990 నుంచి నగల్లో నికెల్‌ని కట్టడి చేశాక అక్కడి అమ్మాయిల్లో నికెల్ అలర్జీ తగ్గింది, తర్వాత యూరప్ మొత్తానికి ఆ పరిమితి వచ్చింది. చర్మానికి ఎక్కువసేపు తగిలే వస్తువు నుంచి వారానికి ఒక చదరపు సెంటీమీటరుకి 0.5 మైక్రోగ్రాములకి మించి నికెల్ బయటికి రాకూడదన్నది అక్కడి నియమం.

అనుమానం ఉంటే ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటి ఉంది. డైమిథైల్‌గ్లయాక్సిమ్ అనే ద్రావణంతో వచ్చే నికెల్ టెస్ట్ కిట్‌లో చుక్కలు దూదిపుల్ల మీద వేసి నగని రుద్దితే, నికెల్ వదులుతున్న చోట దూది గులాబీ రంగులోకి మారుతుంది. నగ మధ్యలో మాత్రమే రుద్దితే చాలదు, కొక్కెం మీద, స్క్రూ మీద కూడా రుద్దాలి, ఎందుకంటే నగంతా మంచి వెండి అయినా బిగింపు భాగం వేరే లోహంతో చేసే అలవాటు ఉంది. పరీక్ష అయ్యాక నగని సబ్బుతో కడిగి ఆరబెట్టాకే బిడ్డకి పెట్టాలి.

సైజు

వదులైతే ఊడి నోట్లోకి వెళ్తుంది, బిగుతైతే రక్తప్రసరణ ఆగుతుంది. పెద్దవాళ్ల చిటికెనవేలు నగకీ చర్మానికీ మధ్య తేలిగ్గా దూరాలి, కానీ నగ తనంతట తాను మడమ దాటి రాకూడదు. మొదటి ఏడాది పిల్లలు ఎంత వేగంగా పెరుగుతారంటే, నెల కిందట సరిపోయిన గట్టి కడియం ఈ నెల సబ్బు రాస్తే గానీ రాకపోవచ్చు. చిటికెనవేలు దూరడం కష్టమైన రోజే తీసేయాలి, ఇంకొన్నాళ్లు ఉంచుదాం అనుకోకూడదు. నగ తీశాక గాడిలా ముద్ర ఉండిపోయినా, పాదం రంగు మారినా, చల్లబడినా ఆలస్యం చేయకూడదు. సైజు మార్చుకునేలా చివరలు విడిగా ఉండే కడియం ఈ విషయంలో మంచిదే, అయితే ఆ చివరలు గుండ్రంగా అరగదీసి ఉండాలి. నైలాన్ మేజోడు మీద వాటిని ఒకసారి గీసి చూస్తే తెలిసిపోతుంది, పోగు లేచిందంటే చర్మాన్నీ గీస్తుంది.

బహుమతి ఇచ్చేవాళ్లకి ఇక్కడ చిక్కు ఏంటంటే బిడ్డ సైజు తెలియదు. పెద్దది కొంటే ఎప్పటికైనా వస్తుందిలే అనుకుంటారు, ఇంట్లోవాళ్లు మొహమాటానికి ఆరోజే పెట్టేస్తారు. పెద్ద సైజు ఇస్తుంటే, రెండేళ్లకి పెట్టమని ఇస్తున్నామని నోటితో చెప్పి ఇవ్వడం నయం. నగే కావాలని లేకపోతే వెండి గిన్నె, గ్లాసు ఉండనే ఉన్నాయి.

మెడ, చెవులు

మెడ గొలుసు సురక్షితంగా ఉండే పద్ధతి పసిపిల్లలకి లేదు. తెగకపోతే గొంతుకి బిగుసుకుంటుంది, తెగితే ముక్కలు నోట్లోకి వెళ్తాయి. నిద్రలో మెడలోని పూసల దండ బిగుసుకుని 18 నెలల బిడ్డ చనిపోయిన ఘటనను ప్రస్తావిస్తూ, పళ్లు వచ్చేటప్పుడు వేసే దండలూ బ్రేస్‌లెట్లూ వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో హెచ్చరించింది. చెవి కమ్మలైతే వెనక నొక్కి పెట్టే మర కంటే తిప్పి బిగించేది మేలు, వేలాడేవి వద్దు.

మువ్వ కనిపించకపోతే

పట్టీల పెట్టె మూత లోపల మువ్వలెన్నో రాసిపెట్టి ఇవ్వడం చిన్న పనే గానీ చాలా ఉపయోగం. మన ఉదాహరణలోని జతకైతే 12 అని. తొడిగేటప్పుడు, తీసేటప్పుడు లెక్కపెడితే ఎప్పుడు పోయిందో కూడా తెలుస్తుంది.

11 మాత్రమే ఉండి, ఇల్లంతా వెతికినా దొరకలేదనుకుందాం. బిడ్డ ఏడవలేకపోతున్నా, దగ్గు బయటికి రాకపోయినా, పెదాలు నీలంగా మారుతున్నా ఏడాదిలోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా కొట్టాలి, రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి, వస్తువు వచ్చేదాకా లేదా సాయం అందేదాకా మారుస్తూ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. ఈలోగా ఇంకొకరు అంబులెన్స్‌కి ఫోన్ చేయాలి. కనిపించని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టకూడదు, వేలు దాన్ని ఇంకా లోపలికే తోస్తుంది. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే మాత్రం ఏమీ చేయకుండా దగ్గనివ్వాలి, ఆ దగ్గు కంటే బాగా పనిచేసేది ఇంకేదీ లేదు.

బిడ్డ హాయిగా ఆడుకుంటున్నా మువ్వ దొరకకపోతే అదేరోజు డాక్టర్‌కి చూపించాలి. నీళ్లు తాగించడం, వాంతి చేయించడం వద్దు. వెండి మువ్వ ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది, ఊపిరి దారిలో ఉందా, అన్నవాహికలో ఆగిందా, పొట్టలోకి దిగిందా అన్నది దాంతో తేలిపోతుంది. వెళ్లేటప్పుడు మిగిలిన పట్టీని కూడా తీసుకెళ్లాలి, వెతకాల్సిన వస్తువు ఆకారం, సైజు డాక్టర్‌కి అప్పుడే చూడగానే అర్థమవుతాయి.